బొమ్మ పెరిగే తీరు

పిల్లల పుస్తకానికి బొమ్మల శైలి ఎంచుకునేటప్పుడు ఒక్క అందమైన బొమ్మ చూసి సరేననేయడం తొందరపాటు. పేజీలన్నీ చిన్న నమూనాలుగా గీయించి, నేలమీద వరుసగా పరిచి చూడాలి. అలా చూసి నేర్చుకోదగ్గ పుస్తకం, అమెరికన్ చిత్రకారుడు మారిస్ సెండాక్ 1963లో వెలువరించిన ‘వేర్ ద వైల్డ్ థింగ్స్ ఆర్’. అల్లరి చేసి, అన్నం లేకుండా గదిలోకి పంపబడ్డ మాక్స్, వింతజంతువుల దీవికి వెళ్లి రాజై, తిరిగొచ్చే కథ అది.

శైలిలో చూడాల్సినవి మూడు. మొదట ఆత్మీయత. ఈ జంతువులకు కొమ్ములూ, కోరలూ, గోళ్లూ ఉన్నాయి. అయినా పిల్లలు దగ్గరికే వెళ్తారు. కారణం, ఒళ్లు గుండ్రంగా ఉంటుంది, కళ్లు పెద్దవి. అట్టమీది జంతువుకైతే మనిషి పాదాలే ఉన్నాయి. నీటిరంగులమీద కలంతో అల్లిన సన్నగీతలు నీడను మెత్తబరుస్తాయి. కోరలు తీసేస్తే బొమ్మ ముద్దుగా ఉంటుందేమో గానీ, మాక్స్ ధైర్యానికి అర్థం ఉండదు. భయాన్ని ఉంచుతూనే పిల్లవాణ్ణి దగ్గరికి పిలిచే శైలికే ఆత్మీయత ఉన్నట్టు.

తర్వాత నిలకడ. దీన్ని చూడాలంటే నమూనాల్లోని కథానాయకుడి బొమ్మలన్నిటినీ కత్తిరించి పక్కపక్కన పెట్టాలి. తల ఎంత, ఒళ్లు ఎంత, గీత మందం ఎంత అని పోల్చాలి. చివరి పేజీలకు వచ్చేసరికి చిత్రకారుడి చెయ్యి అలసి గీత బరువెక్కడం, ముఖం వయసు మారడం తరచూ కనబడే లోపాలు. అయితే మార్పంతా లోపం కాదు. తోడేలు వేషం తొడిగిన మాక్స్ గదికి తిరిగొచ్చినప్పుడు టోపీ వెనక్కి జారి జుట్టు కనబడుతుంది. మొదట నెలవంకగా ఉన్న కిటికీలోని చంద్రుడు చివరికి నిండుగా ఉంటాడు. మిగతావి కదలకుండా ఉన్నందువల్లే ఈ రెండు మార్పులూ కథ చెబుతాయి.

చివరిది పేజీల నడక. ఈ పుస్తకంలో తొలి బొమ్మ చిన్నది, చుట్టూ విశాలమైన తెల్ల అంచు. మాక్స్ కోపంతో పాటు బొమ్మ పెరుగుతుంది. గదిలో అడవి మొలిచేసరికి పేజీ నిండుతుంది, తర్వాత పక్క పేజీలోకి పొంగుతుంది. జంతువులతో చిందులు తొక్కే చోట వరుసగా మూడుసార్లు రెండు పేజీలూ నిండిన బొమ్మలే, మాట ఒక్కటీ లేదు. ఆ తర్వాత బొమ్మ వెనక్కి తగ్గుతుంది. ఆఖరి పేజీలో మాటలే మిగులుతాయి.

మీ నమూనాలనూ ఇలాగే చూడండి: మాటలు కప్పేసి బొమ్మల పరిమాణాన్నే గమనించండి. అన్నీ ఒకే కొలతలో ఉంటే కథ ఎక్కడ ఉప్పొంగుతుందో పిల్లవాడికి తెలియదు. రెండు పేజీల బొమ్మలో ముఖం నడిమి మడతలో పడిందేమో కూడా చూడండి. కుట్టు పడ్డాక సగం ముఖం మాయమవుతుంది. ఈ రెండూ నమూనా దశలోనే సరిదిద్దాలి. రంగులు వేశాక మార్చడమంటే మళ్లీ గీయడమే.