రౌదా మట్టిలో గోరుచిక్కుడు

ఖతార్‌లో సేద్యం ఎక్కువగా సాగేది రౌదాల్లో. వాన పడినప్పుడు చుట్టూ ఉన్న రాతినేల నుంచి కొట్టుకొచ్చిన సన్నమట్టి పేరుకున్న పల్లాలివి. ఆ మట్టిలో సున్నం పాలు ఎక్కువ, సేంద్రియ పదార్థం బహు తక్కువ. పైన యూరియా చల్లితే ఆ వేడికి, క్షారానికి అందులో చాలా భాగం అమ్మోనియాగా గాల్లో కలిసిపోతుంది. నత్రజనిని మట్టి లోపలే దాచే పప్పుజాతి పంటకు ఇక్కడ మనవైపు కన్నా ఎక్కువ పనుంది.

గల్ఫ్‌లో ఖర్జూరం చెట్ల కింద తరతరాలుగా వేస్తున్న పప్పుజాతి పంట జత్, అంటే లూసర్న్. దాన్ని పెంచేది మేత కోసం. కోసిన ప్రతిసారీ నత్రజనిలో పెద్దవాటా మేతతోపాటే తోట దాటిపోతుంది. పైగా మట్టిలో ఉప్పు కాస్త పెరిగినా దిగుబడి పడిపోతుంది. బోరునీళ్లు ఉప్పగా ఉండే చిన్న కూరగాయల తోటకైతే నేను గోరుచిక్కుడునే ఎంచుకుంటాను. ఎండకూ ఉప్పుకూ లూసర్న్ కన్నా, అలసంద కన్నా అదే బాగా ఓరుస్తుంది.

చలికాలం పంటకు ముందు, ఆగస్టులో విత్తాలి. పచ్చిరొట్టకు ఎకరానికి 12 కిలోల దాకా విత్తనం పడుతుంది. అలసంద, పెసరలకు వాడే రైజోబియం పొడి దీనికీ సరిపోతుంది. లూసర్న్ పొడి పనికిరాదు. చల్లారిన బెల్లం నీళ్లతో పొడిని గింజలకు పట్టించి, నీడలో ఆరబెట్టి, సాయంత్రం విత్తాలి. ఎండ తగిలితే ఆ బాక్టీరియా బతకదు.

నెల దాటాక ఒక మొక్కను పీకకుండా గడ్డపారతో తవ్వి తీయండి. పీకితే బుడిపెలు మట్టిలోనే తెగిపోతాయి. ఒక బుడిపెను గోటితో చీలిస్తే లోపల ఎర్రగా ఉండాలి. తెల్లగానో పచ్చగానో ఉంటే గాలిలోని నత్రజనిని అది పట్టడం లేదన్నమాట. అంతకుముందే కోళ్లఎరువు దండిగా వేసి ఉంటే బుడిపెలు సరిగా కట్టవు. తేరగా దొరికేదాన్ని వదిలి మొక్క మాత్రం ఎందుకు కష్టపడుతుంది?

పూత మొదలవగానే, సుమారు 45 రోజులకు, కలియదున్నాలి. ఎకరాకు 6 టన్నుల పచ్చిరొట్ట వచ్చిందనుకుందాం. ఎండితే అది టన్ను పైచిలుకు. అందులో నత్రజని 25 నుంచి 30 కిలోలు, లెక్కకు ఒక బస్తా యూరియా పైమాటే. అదంతా గాలి నుంచి వచ్చింది కాదు, కొంత మట్టిలోదే. తర్వాతి టమాటాకు అందేది మహా అయితే సగం. కాయలు కోసుకుని, కట్టెను మేకలకు వేస్తే మట్టికి మిగిలేది వేర్లూ రాలిన ఆకులే. దున్నిన మడిని మూడు వారాలు తడిగా ఉంచాలి. ఎండిపోతే రొట్ట కుళ్లదు, నారుకు ఏమీ అందదు.

అసలు ఖర్చు నీళ్లది. ఆ వేడిలో రోజుకు 7 మిల్లీమీటర్ల తడి అనుకున్నా ఎకరాకు 12 లక్షల లీటర్లు దాటుతుంది, దానితోపాటు ఉప్పూ మట్టిలో చేరుతుంది. కాబట్టి తోటంతా ఒకేసారి వేయకూడదు. నాలుగు మడులు చేసి, ఏటా ఒక మడిలో గోరుచిక్కుడు వేసి, ఆ మడిలోనే టమాటా, వంగ లాంటి ఆకలి పంటలు నాటాలి.