ఒక తీసివేత, ఒక గీత

నడుంనొప్పి, నీరసంతో వచ్చిన అరవై ఏళ్లాయనకు హిమోగ్లోబిన్ 9 ఉందంటే ఐరన్ మాత్రలతో సరిపెట్టడం తేలిక. మంచి ల్యాబ్ టెక్నీషియన్ చూపు అక్కడ ఆగదు. రిపోర్టులో మొత్తం ప్రొటీన్ 10.2 గ్రాములు, అల్బుమిన్ 3.2. తీసేస్తే 7 మిగిలింది. మామూలుగా అది మూడున్నర దాటదు. కాల్షియం కూడా 11.4. స్లైడు మీద ఎర్రకణాలు నాణేల దొంతరల్లా అతుక్కుని కనిపిస్తాయి. అప్పుడు ఎలక్ట్రోఫోరెసిస్ చేస్తారు. గడ్డకట్టిన రక్తం నుంచి తీసిన సీరమే కావాలి, ప్లాస్మా వాడితే ఫైబ్రినోజెన్ దొంగగీత గీస్తుంది. జెల్ మీద సీరం చుక్క పెట్టి కరెంటు పారిస్తే అల్బుమిన్ దూరం పరుగెడుతుంది, యాంటీబాడీలు వెనకబడతాయి. ఇన్‌ఫెక్షన్‌లోనో లివర్ జబ్బులోనో రకరకాల యాంటీబాడీలు పెరుగుతాయి కనుక అక్కడ వెడల్పాటి మసక కనిపిస్తుంది. ఒకే ప్లాస్మా కణపు సంతతి ఒకే యాంటీబాడీని గుట్టలుగా తయారుచేస్తుంటే మాత్రం సన్నని, చిక్కటి గీత పడుతుంది. ఆ గీతను గుర్తుపట్టి డాక్టరుకు ఫోన్ చేసే టెక్నీషియనంటే నాకెంతో గౌరవం. గీత ఉన్నంత మాత్రాన మైలోమా క్యాన్సర్ అని తేల్చలేం, ఎముక మజ్జ పరీక్ష చేయాలి. మైలోమా ఉన్న కొందరిలో పూర్తి యాంటీబాడీ కాక లైట్ చైన్లే తయారవుతాయి. వాళ్లకు మొత్తం ప్రొటీన్ మామూలుగానే ఉండొచ్చు. అందుకే కారణం తెలియని రక్తహీనతకు ఎముకల నొప్పి తోడైతే, ఫ్రీ లైట్ చైన్ పరీక్ష కూడా అవసరమేమో డాక్టరును అడగండి.