తెలుపులోంచి తెలుపును విడదీసే విద్య

ఫొటోలోని వస్తువును దాని వెనకటి దృశ్యం నుంచి వేరుచేసే పనిని స్టూడియోల్లో కటింగ్ అంటారు. ఎర్ర చీర కట్టిన మనిషి పచ్చని తోట ముందు నిలబడినప్పుడు ఒక్క బటన్ నొక్కితే తెమిలిపోయే ఈ పని, తెల్ల సోఫా మీద తెల్ల పిల్లి పడుకున్న ఫొటో దగ్గరికి వచ్చేసరికి అదే బటన్‌ను నవ్వులపాలు చేస్తుంది. చెవి ఒకటి ఎగిరిపోతుంది, తోక సగంలో ఆగిపోతుంది, పొట్ట మధ్యలో చిల్లు పడుతుంది, సోఫా దిండు మాత్రం పిల్లిలో భాగమై వెంట వస్తుంది. ఈ తప్పులేవీ యాదృచ్ఛికం కావు. ఒక్కొక్కదానికి గణితంలో స్పష్టమైన కారణం ఉంది, ఆ కారణం తెలిసిన చేతికి దిద్దుబాటూ తెలుసు.

అంచు మీది ప్రతి పిక్సెల్‌లోనూ కొంత పిల్లి, కొంత సోఫా కలిసి ఉంటాయి. అందులో పిల్లి వాటా ఎంతో చెప్పే సంఖ్యను ఆల్ఫా అంటారు. సున్నా అయితే అది పూర్తిగా సోఫా, ఒకటి అయితే పూర్తిగా పిల్లి, బొచ్చు కొసల దగ్గర ఈ రెంటికీ నడుమ ఎక్కడో ఉంటుంది. ఈ భావనకు 1970ల చివర్లో న్యూయార్క్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఆల్వీ రే స్మిత్, ఎడ్ క్యాట్‌మల్ రూపమిచ్చారు. 1984లో థామస్ పోర్టర్, టామ్ డఫ్ దాని చుట్టూ బొమ్మలను కలిపే బీజగణితం మొత్తాన్ని అల్లారు. చరిత్ర ఇంతకంటే చాలా ఉంది కానీ ఇక్కడ కావలసింది ఒక్క సూత్రమే. కనిపించే రంగును I, పిల్లి అసలు రంగును F, సోఫా రంగును B అనుకుంటే:

```
α = (I − B) / (F − B)
```

చిక్కంతా హారంలో ఉంది. పిల్లి రంగు, సోఫా రంగు దగ్గరవుతున్నకొద్దీ హారం సున్నాకు చేరువవుతుంది, అప్పుడు లవంలోని చిన్న పొరపాటు కూడా జవాబులో పెద్దదై కూర్చుంటుంది. ఒక ఉదాహరణ తీసుకుంటే, కిటికీ వెలుతురులో తీసిన ఫొటోలో మీగడ ఛాయ ఉన్న సోఫా విలువలు ఎరుపు 238, ఆకుపచ్చ 234, నీలం 226 అనీ, పిల్లి బొచ్చు విలువలు 243, 241, 242 అనీ అనుకుందాం. ఆకుపచ్చలో తేడా కేవలం 7. సెన్సర్ గరుకుదనం, జేపెగ్ కుదింపు కలిసి ప్రతి పిక్సెల్‌ను అటూ ఇటూ 3 వరకూ కదిలిస్తే, ఏడింట మూడు, అంటే ఆల్ఫాలో 0.4కు పైగా తప్పు వస్తుంది. పిక్సెల్ పిల్లిదా సోఫాదా అన్న ప్రశ్నకు ‘ఏదైనా కావచ్చు’ అన్న జవాబుకు ఇది ఎంతో దూరంలో లేదు.

సాఫ్ట్‌వేర్లు ఈ ఇరకాటాన్ని రెండు రకాలుగా దాటబోయి రెండు రకాలుగా బోల్తా పడతాయి. 2004లో వచ్చిన గ్రాబ్‌కట్ వంటి పద్ధతులు వస్తువు రంగులకు ఒక నమూనా, వెనకటి రంగులకు ఒక నమూనా కట్టి, రెంటి మధ్య అతి తక్కువ ఖర్చుతో గీయగల సరిహద్దును వెతుకుతాయి. రంగులు తేడా చూపనప్పుడు పొడవు తక్కువ ఉన్న గీతే చవక అవుతుంది కనుక, తోక చుట్టూ తిరిగి రావడం కంటే దాన్ని మొదట్లోనే కోసేయడం లెక్కకు లాభసాటిగా తోస్తుంది. చెవులు, మీసాలు పోవడానికి మూలం ఇదే. తర్వాత వచ్చిన నాడీజాల పద్ధతులు రంగును కాక ఆకారాన్ని గుర్తుపడతాయి, కళ్లూ ముక్కూ చూసి అది పిల్లి అని పోల్చుకుంటాయి, ఆ మేరకు మెచ్చుకోవలసిందే. అయితే బాగా వాడుకలో ఉన్న యూ-స్క్వేర్-నెట్ వంటి నమూనా బొమ్మను 320 పిక్సెళ్ల చదరానికి కుదించి చూస్తుంది. 4000 పిక్సెళ్ల వెడల్పున్న ఫొటోలో పన్నెండు పిక్సెళ్లు దానికి ఒక్కటిగా కనిపిస్తాయి, మూడు పిక్సెళ్ల మీసం అసలు కనిపించదు. పైగా ఆ ఫొటోలో అన్నిటికంటే బలమైన గీత పిల్లి వీపుది కాదు, సోఫా కుట్టు మడతలోని నీడది. యంత్రం దాన్నే సరిహద్దుగా నమ్మడంతో దిండు పిల్లికి అతుక్కుంటుంది.

ఈ విద్యలో నిజమైన ఉద్దండులు సమస్యను ఫొటో తీయకముందే పరిష్కరించినవాళ్లు. పెట్రో వ్లాహోస్ పేరు ఇక్కడ చేతులు జోడించి చెప్పుకోవాలి. 1964 నాటి ‘మేరీ పాపిన్స్’లో సోడియం దీపాల పసుపు వెలుగుతో తెరను వెలిగించి, ఆ ఒక్క రంగునూ పట్టకపు గాజుతో వేరే ఫిల్ముకు మళ్లించి, నటితో పాటు ఆమె ముఖం మీది పల్చని జాలీ తెరను కూడా చెక్కుచెదరకుండా విడదీసిన పనికి, తోటివాళ్లతో కలిసి ఆయన ఆస్కార్ అందుకున్నారు. అరవై ఏళ్లు గడిచినా ఆ జాలీ ముందు నేటి ఒక్క నొక్కు యాప్‌లు తలెత్తుకోలేవు. 1996లో స్మిత్, జిమ్ బ్లిన్ ఇంకో మెట్టు ఎక్కి, ఒకే వస్తువును రెండు వేర్వేరు రంగుల తెరల ముందు తీస్తే ఆల్ఫా ఊహకు తావులేకుండా లెక్కలోంచే వస్తుందని నిరూపించారు. రెండు ఫొటోలకూ పిల్లి కదలకుండా కూర్చోవాలన్న చిన్న షరతు మాత్రం పిల్లులు ఒప్పుకునేది కాదు.

కనుక చేతిలో ఉన్న ఒక్క ఫొటోతోనే పని సాగాలి, ఫొటోషాప్‌లోనైనా ఉచితంగా దొరికే గింప్‌లోనైనా. అనుభవజ్ఞుడు ముందు చేసేది కోయడం కాదు, చూడటం. ఫొటోషాప్‌లో అయితే అన్నిటికంటే పైన ఒక లెవెల్స్ అడ్జస్ట్‌మెంట్ లేయర్ పెట్టి నలుపు కొసను 200 దగ్గరికి, తెలుపు కొసను 250 దగ్గరికి జరిపితే, ఆ యాభై మెట్ల ఇరుకు పూర్తి నిడివికి సాగి, 7గా ఉన్న తేడా దాదాపు 36 అవుతుంది. గరుకుదనం కూడా అంతే పెరుగుతుంది, అయినా మనిషి కన్ను ఆ ఇసుకరేణువుల నడుమ సాగే పొడవైన సన్నగీతను వెంబడించగలదు. ఇక్కడ వీపు వంపు ఉండాలి, ఇక్కడ భుజం ఎముక ఉబ్బాలి అన్న ఎరుక చూపుకు తోడవుతుంది. ఈ లేయర్ కంటికి సాయం మాత్రమే, పని పూర్తికాగానే తీసేయాలి.

తర్వాత ఛానెళ్లు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కొక్కటే నలుపు తెలుపుల్లో తెరిచి చూస్తే, పై ఉదాహరణలో నీలంలో తేడా 16 అని తెలుస్తుంది, ఎందుకంటే మీగడ రంగు అంటేనే నీలం తగ్గిన తెలుపు. గరుకుదనం అదే 3 అయితే ఆల్ఫా తప్పు 0.2 లోపుకు దిగుతుంది. నీలం ఛానెల్‌కు నకలు తీసి అదే లెవెల్స్ వేస్తే తేడా 80 దాటుతుంది, అప్పుడు బ్రష్‌ను ఓవర్లే మోడ్‌లో పెట్టి తెల్లరంగుతో పిల్లి వైపు, నల్లరంగుతో సోఫా వైపు దిద్దుకుంటూ వస్తే, లేత భాగం ఇంకా తెల్లబడుతూ ముదురు భాగం ఇంకా నల్లబడుతూ మాస్క్ రూపుకడుతుంది. ఒక హెచ్చరిక అవసరం: జేపెగ్ సాధారణంగా రంగు వివరాలను సగం రిజల్యూషన్‌కు తగ్గించి దాస్తుంది కనుక నీలం ఛానెల్‌లో గళ్లు గళ్లుగా మచ్చలు కనిపిస్తాయి. రా ఫైల్ ఉంటే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. ఇక పిల్లీ సోఫా రెండూ మూడు ఛానెళ్లలోనూ 255కు చేరి కాలిపోయిన చోట ఏ ఛానెలూ ఏమీ చెప్పదు, అక్కడ గీసేది ఊహే.

వీపు, పాదాలు వంటి గట్టి అంచులకు పెన్ టూల్‌ను మించినది లేదు, ఈ మాటలో పక్షపాతం ఉందంటే ఉండనీ. నేర్పరి వీపు మొత్తానికి నాలుగైదు బిందువులతో సరిపెట్టుకుంటాడు. కొత్తవాడు నలభై పెడతాడు, గీత గతుకులు పడుతుంది. గీతను కనిపించే అంచుకు ఒకటి రెండు పిక్సెళ్లు లోపలికి తీసుకుని, సెలక్షన్‌గా మార్చేటప్పుడు ఒక పిక్సెల్ ఫెదర్ ఇస్తే సోఫా ఛాయ అంచుకు అంటుకోదు. బొచ్చు దగ్గర పెన్ను పక్కనపెట్టి, మాస్క్ మీద రెండు పిక్సెళ్ల బ్రష్‌తో లోపలినుంచి బయటికి, బొచ్చు వాలిన దిక్కుకే విదిలించాలి; అన్ని వెంట్రుకలూ ఒకే పొడవుంటే దువ్వెన పళ్లలా ఉంటుంది కనుక పొడవు మారుతూ, అక్కడక్కడ ఒకదాన్నొకటి దాటుతూ ఉండాలి. మీసాలను కోసి తెచ్చే ప్రయత్నం వృథా, వాటిని వేరే లేయర్ మీద పాత్‌తో కొత్తగా గీయడమే మేలు. చివరిగా పొట్ట కింద సోఫాను తాకే నీడను వేరుగా తీసి మల్టిప్లై మోడ్‌లో కొత్త దృశ్యం మీద పరచకపోతే ఎంత అందంగా కోసిన పిల్లి అయినా గాలిలో తేలుతుంది.

ఇంత శ్రమ పిల్లి కోసమేనా అని చులకన చేసేవారు తెలుగునాట ఏ ఫ్లెక్సీనైనా నిలబడి చూడాలి. తెల్ల పంచె, తెల్ల లాల్చీ, నెరిసిన జుట్టు, వెనక సున్నం గోడ: కాలం చేసిన తాతగారి ఫొటోల్లో సగం ఇలాంటివే. యాప్‌లో వేసి తీసిన ఆ ఫొటోను ముదురు నీలం మీదికి చేర్చినప్పుడు జుట్టు కత్తిరించిన అట్టముక్కలా మారుతుంది, భుజం చుట్టూ తెల్లని జరీ అంచులాంటి మరక మిగులుతుంది, కండువా కొస మాయమవుతుంది. పెళ్లి ఆల్బముల్లో తెల్ల కర్టెన్ ముందు నిలిచిన వధువు జడలోని మల్లెలకూ ఇదే గతి. ఒకప్పుడు ఒక్కో తలకు గంటసేపు కూర్చున్న చేతులకు ఇవాళ ఫొటోకు ఇంత అని విదిల్చే డబ్బు కరెంటు ఖర్చుకే చాలకపోతే, వాళ్లు బటన్ నొక్కక ఏం చేస్తారు? తప్పు వాళ్లది కాదు. తేడా కనిపిస్తున్నా ‘ఎవరు చూస్తారులే’ అని సరిపెట్టుకునే యజమానులది, అడగడం మానేసిన మనది.

అడగడానికి పెద్ద పరిజ్ఞానం అక్కర్లేదు. డబ్బు చెల్లించే ముందు కోసిన ఫొటోను నల్ల రంగు మీద, తర్వాత నిండు ఎరుపు మీద పెట్టి నూటికి నూరు శాతం సైజులో చూపించమనాలి. తెలుపు మీద చూపిస్తే ఒప్పుకోకూడదు, తెలుపు మీద ఏ తప్పూ బయటపడదు. నలుపు మీద అంచు వెంట పాలచార కనిపిస్తే గీత లోపలికి జరగాలి, ఎరుపు మీద పొట్టలో ఎర్రదనం తొంగిచూస్తే మాస్క్‌లో చిల్లు ఉన్నట్టు, చెవి కొస మొండిగా ఉంటే అది చేతితో గీసింది కాదు. ఫొటో తీయించుకునేవారు రా ఫైల్ దాచమని, కాంతి పక్కనుంచి పడేలా చూడమని, వెనక ఒక బూడిదరంగు దుప్పటైనా కట్టమని ముందే చెబితే సగం కష్టం అక్కడే తీరుతుంది. మిగిలిన సగానికి కూర్చునే మనిషికి, అతని గంటకు తగిన కూలి కట్టి ఇవ్వాలి.