సటిప్పణ గ్రంథసూచియందు సంగ్రహమును విమర్శయును

నన్నయభట్టారకుని కాలమును గూర్చి యొక విద్యార్థి వ్రాసిన సటిప్పణ గ్రంథసూచి యిటీవల నాయొద్దకు పునఃపరిశీలనార్థము వచ్చినది. సటిప్పణ గ్రంథసూచి యనగా ఆధారముల పేళ్లును, ఒక్కొక్క పేరు క్రింద దానినిగూర్చి నాలుగైదు పంక్తుల టిప్పణియు గల పట్టిక. నాకంటె ముందు దానిని దిద్దిన పండితులు ప్రతి టిప్పణికిని ఐదింట నాలుగేసి మార్కులొసగియుండిరి. నేను రెండింటికి మించి యీయజాలకపోతిని. భాషయందు దోషము లేదు. గ్రంథనామములు సరిగానే యున్నవి. చెప్పిన విషయము లించుమించుగ నన్నియు నాయా గ్రంథములలో నున్నవే. అయినను ఆ విద్యార్థి నడిగినది ఆ యాధారము నన్నయకాల నిర్ణయమునకు ఎంతవరకు పనికివచ్చుననుట. అతడు వ్రాసినది ఆ యాధారములో నేమున్నదనుట. మాయిరువురి మార్కుల భేదమునకు మూలమిదియే. కావున టిప్పణి వెంట టిప్పణి తీసి, నేనేల మార్కులు తగ్గించితినో పండితులయెదుట నుంచుచున్నాను.

మొదటిది నందంపూడి శాసనము. ఈ తామ్రశాసనము కోనసీమయందలి నందంపూడి గ్రామదానమునకు సంబంధించినది. ఇది ఎపిగ్రాఫియా ఇండికా నాలుగవ సంపుటమున ప్రకటితమైనది. విద్యార్థి టిప్పణి యిట్లున్నది: "ఈ శాసనమును రాజరాజనరేంద్రుడు నారాయణభట్టున కొసగెను. దీని రచయిత నన్నయభట్టు. భారతరచన 1053వ సంవత్సరమున ఆరంభమైనదని దీనివలన తెలియుచున్నది."

మొదటి రెండు వాక్యములును సంగ్రహము. అవి సత్యములే గనుక వానికొక మార్కు చెల్లును. మూడవ వాక్యము విమర్శవలె గానవచ్చును గాని, అది శాసనముమీద మోపిన బరువేగాని శాసనము చెప్పిన మాట గాదు. శాసనము భారతము నెత్తదు. అది చెప్పునది రాజరాజు ముప్పదిరెండవ రాజ్యవర్షమున, చంద్రగ్రహణసమయమున దానము జరిగెననియు, ప్రతిగృహీత పెక్కుభాషలలో కవిత్వము చెప్పగల నారాయణభట్టనియు, శాసనకావ్యమును రచించినవాడు నన్నియభట్టనియు మాత్రమే. రాజరాజు పట్టాభిషేకము శకవర్షము 944, అనగా క్రీ. శ. 1022 అని కోరుమిల్లి శాసనమువలన తెలియుచున్నది. ఆ యేడు మొదలుకొని లెక్కింపగా ముప్పదిరెండవ యేడు 1053లో పడును. కావున ఈ రాగిరేకులు స్థాపించునది యొక్కటే: 1053 నాటికి నన్నయభట్టు రాజమహేంద్రవరపు రాజాస్థానమున సజీవుడై, శాసనరచన కర్హుడని పేరుగాంచియుండెను. భారత మప్పటికి ఆరంభమైనదో, కొంత సాగినదో, ఆగినదో యీ రేకులు చెప్పవు.

అయితే ఈ శాసనమున కంతమాత్రమే విలువయా? కాదు. భారతావతారికయందు నన్నయ తన కృతిపతియగు రాజరాజును వర్ణించి, భారతయుద్ధమున నరునకు నారాయణుడు తోడ్పడినట్లు తనకు నారాయణభట్టు తోడ్పడెనని చెప్పుకొనెను. రాజు, నారాయణభట్టు, నన్నయ యను మూడుపేళ్లు కావ్యమునందును లోహమునందును ఒక్కచోట గూడియున్నవి. మనకు దక్కిన భారతపాఠము శతాబ్దములపాటు తాటియాకులపై వ్రాయసగాండ్ర చేతులు మారి వచ్చినది. శాసనమో, నాడు చెక్కిన రేకే నేడును మనకంటి యెదుట నున్నది. ఒకదానినుండి యొకటి పుట్టని యీ రెండును ఏకీభవించుటచేతనే శాసనమందలి నన్నియభట్టు భారతకవియే యనుట బలపడుచున్నది. నాలుగు మార్కులిచ్చి నేను సంతోషించుటకు విద్యార్థి యీ మాటను రెండు పంక్తులలో వ్రాసిన చాలును. కాలగణనమంతయు నక్కడ నుంచనక్కరలేదు. ఇది యేల నమ్మదగినది, దేనివరకు నమ్మదగినది, ఎక్కడ మౌనము వహించును అను మూడింటిలో రెండయినను పలుకవలెను.

రెండవ టిప్పణి అప్పకవీయమును గూర్చినది. ఇందు విద్యార్థి కథను మిక్కిలి సొగసుగా జెప్పినాడు. నన్నయ ఆంధ్రశబ్దచింతామణిని రచించుటయు, భీమకవి రాఘవపాండవీయమును అతడు అణచివేయుటయు, భీమన కోపముచే చింతామణిని గోదావరిపాలు చేయుటయు, దానిని కంఠస్థము చేసియున్న సారంగధరునివలన అది బాలసరస్వతికి లభించుటయు, అన్నియు వరుసగా నున్నవి. చివరను "ఇది పుక్కిటి పురాణము" అని యొక్క వాక్యము. ముందు పరిశీలించిన పండితులు ఈ తుది వాక్యమునకు ఎఱ్ఱసిరాతో గీతగీచి "మంచి విమర్శ" అని వ్రాసిరి. నాకది విమర్శగా తోపలేదు. తిట్టు విమర్శ కాదు, పొగడ్త విమర్శ కానట్లే. పుక్కిటి పురాణమని యేల తోచినదో ఆ హేతువు టిప్పణిలో లేదు.

ఉండవలసిన హేతువు లెట్టివి? అప్పకవి గ్రంథరచనకు బూనినది 1656 ప్రాంతమున. నన్నయకును అతనికిని నడుమ ఆఱువందల యేండ్లు గడచినవి. కథాసందర్భమును జూచినచో, చింతామణి యంతకాలము ఏల కానరాకుండెను, నేడెట్లు దొరకెను అను ప్రశ్నలకు సమాధానము జెప్పుటకే యది యేర్పడినట్లు తోచును. ఒక వ్యాకరణమునకు ఆదికవి పేరిట ప్రామాణ్యము కోరువాడు జెప్పిన మాట గనుక ఆ మాటయందాతనికి ప్రయోజన మున్నది. ఇంతవఱకు ప్రతికూలము. కాని యీ యాధారమును బట్టికనుండి కొట్టివేయుమని నేననను. నన్నయ నాడేమి జరిగెనో చెప్పుటకు అప్పకవీయ మసమర్థము. పదునేడవ శతాబ్దపు లాక్షణికులు నన్నయను ఎట్లు భావించిరో, ఆతనిని వాగనుశాసను డనుటలో వారి యుద్దేశమేమో తెలియుటకు దానికంటె మేలైన సాక్షి లేదు. ఒకే గ్రంథము ఒక ప్రశ్నకు దుర్బలము, మఱియొక ప్రశ్నకు బలవత్తరము. ఈ వివేకము గనబఱచినవానికి ఐదింట నైదును ఈయవచ్చును. చింతామణి నన్నయదే యని విద్యార్థి విశ్వసించినను సరే. హేతువులు చూపి, ప్రతిపక్షము నెదుర్కొన్నచో మార్కు తగ్గింపరాదు. పరీక్షకుని పక్షమున నిలుచుట విమర్శ కాదుగదా. నేను చింతామణి నన్నయకృత మనుటను నమ్మను. అయినను ఆ యపనమ్మకమును మార్కుల చీటిలోనికి రానీయకుండుటకు నేను గొంత ప్రయాసపడవలసివచ్చినదని యొప్పుకొనుచున్నాను.

ఇదే టిప్పణి క్రింద విద్యార్థి మూడు ఆధునికగ్రంథములను జేర్చి, "వీరు మువ్వురును ఇట్లే చెప్పుటచే ఈ విషయము దృఢమైనది" అనెను. ఆ మువ్వురును అప్పకవినే యుదాహరించిరి. నలుగురు సాక్షులుగా గనబడినది నిజమునకొక్కడే. పుస్తకముల సంఖ్య చూచి మోసపోకుండుటకు పరీక్షకుడు చేయవలసినపని స్వల్పము: ఒక్కొక్క పుటలో ఆ మాటకు ఏ యాధారము చూపబడినదో తెఱచి చూచుట. దీనికి గ్రంథము చేతనుండవలెను. గ్రంథము చూడకయే టిప్పణికి మార్కులు వేయుట మనలో మిక్కిలిగా వ్యాపించిన దోషము. దానివలననే సంగ్రహమునకు నాలుగేసి మార్కులు వచ్చుచున్నవి. చూడనివానికి సొగసైన కథయే సమగ్రమైన టిప్పణిగా దోచును.

మూడవది వీరేశలింగంపంతులుగారి ఆంధ్రకవుల చరిత్రము. ఇచట విద్యార్థి వ్రాసినది "మిక్కిలి ప్రామాణికమైన గ్రంథము, పరిశోధకులకు అత్యంతోపయుక్తము" అని. ఇట్టి వాక్యమునకు నేనొక పరీక్ష పెట్టుకొంటిని. ఆ వాక్యమును అక్కడనుండి తీసి పట్టికలోని మఱియొక గ్రంథము క్రింద నుంచిచూతును. అక్కడను అది చక్కగా నతికినచో దానికి సున్న. పై వాక్యము భారతము మొదలు శబ్దరత్నాకరము వఱకు దేనిక్రిందనైనను ఇముడును.

ఈ గ్రంథమునకు తగిన విమర్శ కూర్పుతో ఆరంభింపవలెను. పంతులుగారు కవుల చరిత్రమును పందొమ్మిదవ శతాబ్దమున వ్రాయ నారంభించి, పిమ్మట సవరించి 1917లో క్రొత్తకూర్పుగా వెలువరించిరి. నందంపూడి శాసనము ప్రకటితమైన సంపుటము 1896–97 నాటిది. ఒక వాక్యము శాసన మెఱుగక వ్రాసినదో, ఎఱిగి వ్రాసినదో తెలియక ఆ వాక్యమును తూచుట యెట్లు? విద్యార్థి కూర్పు సంవత్సరమును వ్రాయలేదు. సంవత్సరము వ్రాయకపోవుట లేఖనదోషమని యర్ధమార్కు తగ్గించి యూరకుందుము. ఇచట నది విమర్శకు ఆయువుపట్టు.

అంకములనుగూర్చి నా పద్ధతి చెప్పెదను. ఐదింట ఒకటి సంగ్రహమునకు. అది తప్పుగా నున్నచో మిగిలిన నాలుగును ప్రాయికముగా నిలువవు, చెప్పినదానినే గ్రహింపనివాడు తూచలేడు గనుక. మిగిలిన నాలుగును విచారమునకు, వానిని ఖండఖండములుగా పంచుట నాకిష్టము లేదు. పంచినచో విద్యార్థులు దూరమొక పంక్తి, ప్రయోజనమొక పంక్తి, లోపమొక పంక్తియని కొలతకు వ్రాయనేర్తురు. శాసనమునకును అప్పకవీయమునకును ఒకే మూస వచ్చును.

ఈ పద్ధతియందును ప్రమాదమొకటి గలదు. నేనే యొకసారి దానిలో బడితిని. ఒక టిప్పణియందలి విమర్శ యెంతయు ప్రౌఢముగా నుండుటచే ఐదు మార్కులిచ్చితిని. మఱునా డా గ్రంథమును తెఱవగా పీఠికలో గ్రంథకర్త తన లోపములను తానే చెప్పుకొన్న వాక్యములు, మాటల వరుస మాత్రము మార్చబడి, ఆ టిప్పణిగా నున్నవని తెలిసినది. ఎరువు దెచ్చిన విమర్శయు సంగ్రహమే. దానిని కనిపెట్టుటకు గుర్తు, ఆ విమర్శ విద్యార్థి యెత్తుకొన్న ప్రశ్నను తాకకుండుట. ఆ పీఠిక యతిప్రాసల పాఠాంతరములనుగూర్చి విచారపడినది. విద్యార్థి ప్రశ్న కవికాలము. ఆ పొంతనలేమిని నేను మొదటనే చూడవలసినది.

మొదట జెప్పిన విద్యార్థికి పట్టికను మార్కులు లేకయే త్రిప్పి పంపి, ప్రతి యాధారము క్రిందను "నన్నయ కాలనిర్ణయమునకు" అను మాటతో వాక్యము నారంభింపుమని మాత్రము సూచించితిని. పది దినములకు వచ్చిన క్రొత్తపట్టికలో నందంపూడి టిప్పణి యిట్లున్నది: "నన్నయ కాలనిర్ణయమునకు ఇది మూలసాక్ష్యము, 1053లో నన్నయ జీవించియుండె ననుటకు మాత్రమే సాక్ష్యము. నారాయణభట్టు పేరు భారతావతారికలోను ఉండుటచే ఇతడు భారతకవియే యనుట సంభావ్యము. నేను ముందు 1053 భారతారంభమని వ్రాసితిని. అది శాసనమున లేదు." దీనికి నాలుగున్నర వేసితిని. అప్పకవీయపు టిప్పణి యింకను కథగానే యున్నది, దానికి రెండు.