మూడు మూలల చేనులో మహావీరుడి రెండు వలయాలు

బాగేపల్లి, చింతామణి పక్క చేలు నాలుగు మూలలూ సరిగ్గా కుదిరి ఉండటం అరుదు. ఒక పక్క గుట్ట వాలు అడ్డం వస్తుంది, ఇంకో పక్క వంక కోసుకుపోతుంది. అందుకే ఎంత వంకర చేనైనా ముక్కోణాలుగా విడగొట్టి, ఒక్కోదాని వైశాల్యం కట్టి, మొత్తం గుంటల్లో తేలుస్తారు. వైశాల్యం తేలగానే లెక్క అయిపోయిందనుకుంటారు. నిజానికి అసలు అందం అక్కడ మొదలవుతుంది. ఆ చేనులో పట్టే అతి పెద్ద గుండ్రటి హొండ ఎంత? మూడు మూలలకూ సమాన దూరంలో ఒక చోటు చూసుకుంటే ఆ దూరం ఎంత? మూడు భుజాలూ వైశాల్యమూ చేతిలో ఉంటే చాలు, ఈ రెండింటికీ మళ్లీ చేనులోకి దిగక్కర్లేదు.

ఈ పని నేర్పినవాళ్లలో నా ఓటు మహావీరాచార్యులకే. రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో, తొమ్మిదో శతాబ్దంలో, మన కన్నడ నేల మీదే ‘గణితసారసంగ్రహం’ రాసిన జైన పండితుడాయన. ఆ పుస్తకాన్నే పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అందుకు రాజరాజనరేంద్రుడు ఆయనకు ఊరు రాసిచ్చాడని అంటారు. కన్నడ రాజ్యంలో పుట్టి తెలుగులోకి నడిచొచ్చిన ఈ గ్రంథం రెండు భాషలూ ఇంట్లో వినిపించే చిక్కబళ్లాపురం వాళ్లది కాకపోతే ఇంకెవరిది? ‘లీలావతి’ పేరు తెలిసినంతమందికి దీని పేరు తెలియకపోవడం నాకు ఎప్పుడూ కష్టంగానే ఉంటుంది. 1912లో మద్రాసులో రంగాచార్యులు దీన్ని అచ్చు వేయించకపోతే ఇవాళ మనకు ఈపాటి పరిచయమైనా ఉండేది కాదు.

ఆయన చెప్పిన మొదటి సూత్రం చూడండి. సూక్ష్మ వైశాల్యాన్ని చుట్టుకొలతలో నాలుగో వంతుతో భాగిస్తే లోపలి వలయం వ్యాసం వస్తుంది. ఒక్క వాక్యం, ఒక్క భాగహారం. 130, 140, 150 అడుగుల భుజాలున్న చేను తీసుకుందాం. చుట్టుకొలత 420, అందులో సగం 210. ఆ సగంలోంచి ఒక్కో భుజం తీసేస్తే 80, 70, 60 మిగులుతాయి. 210, 80, 70, 60 నాలుగూ గుణించి వర్గమూలం తీస్తే 8400 చదరపు అడుగులు, అంటే ఏడున్నర గుంటల పైచిలుకు. చుట్టుకొలతలో నాలుగో వంతు 105. 8400ని 105తో భాగిస్తే 80. అంతర్వ్యాసార్ధం 40 అడుగులన్నమాట.

ఎందుకలా వస్తుందో ఒక గీత గీస్తే తెలిసిపోతుంది. వలయం కేంద్రం నుంచి మూడు మూలలకూ గీతలు లాగండి. చేను మూడు ముక్కోణాలవుతుంది. ఒక్కోదానికి అడుగు గీత చేను భుజమే, ఎత్తు మాత్రం మూడింటికీ ఒకటే, ఆ వ్యాసార్ధం. మూడు వైశాల్యాలూ కూడితే చుట్టుకొలతలో సగాన్ని వ్యాసార్ధంతో గుణించినట్టే కదా! ఏడో తరగతి పిల్లకు కూడా అందే విషయం ఇది.

బయటి వలయం దగ్గర పనితనం ఇంకా గొప్పది. న్యాయంగా చెప్పాలంటే 628లోనే బ్రహ్మగుప్తుడు ఈ దారి వేశాడు. రెండు భుజాల లబ్ధాన్ని, అవి కలిసే మూల నుంచి ఎదుటి భుజం మీదికి దించిన లంబంతో భాగిస్తే పరివృత్త వ్యాసం వస్తుంది. మన చేనులో 140 అడుగుల భుజం మీదికి లంబం 120. 130ని 150తో గుణిస్తే 19,500, దాన్ని 120తో భాగిస్తే 162.5. పరివ్యాసార్ధం 81.25 అడుగులు. ఇవాళ బడిలో మూడు భుజాల లబ్ధాన్ని వైశాల్యానికి నాలుగు రెట్లతో భాగించమంటారు. 27,30,000ని 33,600తో భాగించినా అదే 81.25. లంబం బదులు వైశాల్యం పెట్టారు, అంతే తేడా.

దీని కీలకం ఒక పోలికలో ఉంది. పై మూల నుంచి లంబం ఒకటి, వ్యాసం ఒకటి గీయండి. వ్యాసం చివరను ఎదుటి భుజం ఒక కొసకు కలిపితే అక్కడ లంబకోణం ఏర్పడుతుంది, అర్ధవృత్తంలో కోణం కాబట్టి. ఆ ముక్కోణమూ, లంబం వల్ల ఏర్పడిన ముక్కోణాల్లో ఒకటీ సరూపాలు. ఒకే జ్యా మీద నిలిచిన కోణాలు సమానం కావడమే కారణం. ఆ నిష్పత్తి రాయగానే సూత్రం ఊడిపడుతుంది.

ఇక నా కడుపు మండే విషయం. పాత కొలతల్లో ముక్కోణానికి ఒక స్థూల లెక్క ఉంది: రెండు భుజాల సగటును మూడో భుజంలో సగంతో గుణించడం. మహావీరుడు దాన్నీ చెప్పాడు, కానీ వ్యావహారికమని వేరుగా పెట్టాడు, వలయాల దగ్గర సూక్ష్మ ఫలమే కావాలన్నాడు. ఆ పట్టింపు మనం పోగొట్టుకున్నాం. మన చేనుకు స్థూల లెక్క వేస్తే 130, 150ల సగటు 140, దాన్ని 70తో గుణిస్తే 9800. గుంటకు పైగా లేని నేల పుట్టుకొచ్చింది! దాంతో వలయాలు కడితే లోపలి వ్యాసార్ధం 46.67, బయటిది 69.64. బయటి వలయం వ్యాసం 139 అడుగుల చిల్లర అయితే 150 అడుగుల భుజం అందులో ఎలా ఇముడుతుంది? ఏ ముక్కోణంలోనైనా బయటి వ్యాసార్ధం లోపలిదానికి కనీసం రెట్టింపు ఉండాలి. ఇక్కడ అదీ లేదు. వలయాలే దొంగ వైశాల్యాన్ని పట్టిచ్చాయి. కొందరు రెండు వ్యాసార్ధాలనూ గుణించి సరిచూసుకుంటారు. అది చాలదు. వైశాల్యం తప్పయినా ఆ లబ్ధం మారదు, రెండు లెక్కల్లోనూ వచ్చేది 3250 దాకానే. ఒకచోట హెచ్చింది ఇంకోచోట తగ్గిపోతుంది.

పరీక్షల గైడ్లు రెండు సూత్రాలూ పెట్టెలో అచ్చేసి, ‘బట్టీ పట్టండి’ అని కింద రాస్తాయి. లంబం ఊసుండదు, గీత ఉండదు. సూత్రం చెప్పని సంగతి ఒకటుంది, దాన్ని గైడు ఎప్పుడూ చెప్పదు. 130, 150 భుజాలే ఉంచి మూడోది 140 బదులు 40 చేయండి. చుట్టుకొలతలో సగం 160, వైశాల్యం 2400, అంతర్వ్యాసార్ధం 15కు పడిపోతుంది. పరివ్యాసార్ధం మాత్రం 7,80,000ని 9,600తో భాగిస్తే మళ్లీ 81.25! రెండు భుజాలూ అవే, 40 అడుగుల గీతను పొడిగించి దించిన లంబమూ అదే 120, కనుక బ్రహ్మగుప్తుడి సూత్రం చూసినవాడికి ఇందులో వింత లేదు.

కానీ నేల మీద ఈ రెండు చేలూ ఒకటి కావు. మొదటిదాంట్లో మూడు మూలలకూ నీళ్లు చిమ్మే రైన్ గన్ ఒకటే పెట్టాలంటే 81.25 అడుగుల చిమ్ముడు కావాల్సిందే. రెండోదాంట్లో 150 వర్గం 22,500, మిగతా రెండింటి వర్గాలు కలిపితే 18,500. పెద్ద భుజం వర్గం మించిపోయిందంటే అక్కడ అధిక కోణం ఉంది, కేంద్రం చేను బయట, పక్కవాళ్ల గట్టు అవతల పడుతుంది. అలాంటప్పుడు 150 అడుగుల గట్టుకు సరిగ్గా నడిమధ్యన గన్ నిలబెడితే 75 అడుగులతో చేనంతా తడుస్తుంది. మన జిల్లా పంతుళ్లు పదో తరగతిలో ఈ రెండు చేలనూ పక్కపక్కన పలక మీద గీయించాలని, సూత్రం ఆ తర్వాతే రాయించాలని నా మనవి.