బారసాల భోజనం కొటేషన్ ఇంగ్లీషులో

సింగపూర్‌లో బారసాల భోజనానికి వంటవారితో తెలుగులో మాట్లాడుకుని రాయించుకున్న కొటేషన్‌ను విదేశాల్లోని బంధువులకు ఇంగ్లీషులో పంపేటప్పుడు మొదటి చిక్కు వంటల పేర్ల దగ్గర వస్తుంది. పులిహోరను ‘టామరిండ్ రైస్’ అని, బొబ్బట్టును ‘స్వీట్ ఫ్లాట్‌బ్రెడ్’ అని రాసి ఊరుకుంటే పేరూ పోతుంది, సమాచారమూ అందదు. పేరును పులిహోర అనే ఉంచి, పక్కన అందులో ఏమేం పడతాయో ఒక్క వాక్యంలో చెప్పడమే సరైన పద్ధతి. అమెరికాలో పెరిగిన పిల్లకు వేరుశెనగ పడకపోతే, ఆమె తల్లికి కావలసింది పులిహోర పోపులో వేరుశెనగపప్పు ఉందా లేదా అన్న సంగతి. పరమాన్నంలో జీడిపప్పు, గారెల వెంట వచ్చే పచ్చడిలో నువ్వులు, బొబ్బట్ల మీద నెయ్యి కూడా అలాంటివే. ఎక్కువమందికి తట్టనిది ఇంగువ. బజారులో దొరికే ఇంగువ పొడిలో చాలా రకాలకు గోధుమపిండి కలిపి ఉంటుంది. గోధుమ పడనివారికి పప్పుచారు కూడా ఇబ్బందే కావచ్చు. కాబట్టి అనువాదం మొదలుపెట్టే ముందు ఏ కంపెనీ ఇంగువ వాడతారో వంటవారిని అడగాలి. ‘వెజిటేరియన్’ అన్న ఒక్క మాట కూడా చాలదు. గుడ్డు లేదని, అవసరమైతే ఉల్లి, వెల్లుల్లి లేవని విడిగా రాయాలి.

తర్వాతది మనుషుల లెక్క. తెలుగు కొటేషన్‌లో ‘డెబ్భై మంది పెద్దలు, పదిమంది పిల్లలు’ అని ఉంటుంది. సింగపూర్ క్యాటరింగ్‌లో దీన్ని ‘పాక్స్’ అంటారు. పిల్లలను సగంగా లెక్కగడతామని వంటవారు చెబితే అది డెబ్భై అయిదు పాక్స్ అవుతుంది. ఇంగ్లీషులో ఒట్టి డెబ్భై అయిదు అని రాస్తే, కూర్చునే మనుషులు ఎనభై మంది అన్నది ఎవరికీ తెలియదు. కుర్చీలు, ఆకులు తక్కువ పడతాయి. అందుకే రెండు సంఖ్యలూ రాసి, ఏది డబ్బుకు, ఏది కుర్చీలకు అన్నది చెప్పాలి.

డబ్బు దగ్గర ఉదాహరణగా తలకు 18 డాలర్లు అనుకుందాం. సిడ్నీలో ఉన్న బాబాయి దాన్ని ఆస్ట్రేలియా డాలరుగానూ, డల్లాస్‌లో ఉన్న మేనత్త అమెరికా డాలరుగానూ చదువుకుంటారు. ఖర్చు పంచుకునే కుటుంబాల్లో ఇది మాటపట్టింపుల దాకా వెళ్తుంది. ప్రతి మొత్తం పక్కనా సింగపూర్ డాలర్లని రాయడం తప్పనిసరి. అంకె తర్వాత రెండు ప్లస్ గుర్తులుంటే వాటినీ విప్పాలి. వాటి అర్థం పది శాతం సర్వీస్ చార్జీ, దాన్నీ కలిపిన మొత్తం మీద జీఎస్‌టీ. 2024 జనవరి నుంచి జీఎస్‌టీ 9 శాతం. అంటే 18 కాస్తా 21.58 అవుతుంది. డెబ్భై అయిదు పాక్స్‌కు 1,350 అనుకున్నది దాదాపు 1,619కి చేరుతుంది. ప్లస్ గుర్తులు లేనంత మాత్రాన పన్ను అందులోనే కలిసి ఉందనీ అనుకోకూడదు. ఏడాదికి పది లక్షల సింగపూర్ డాలర్ల వ్యాపారం దాటని చిన్న వంటవారు జీఎస్‌టీకి నమోదు కానవసరం లేదు కాబట్టి, ఆ సంగతి అడిగి తెలుసుకుని రాయాలి.

తేదీలో నెల పేరును అక్షరాల్లో రాస్తే చాలు. 5/6 అన్నది అమెరికాలో మే ఆరు అవుతుంది.

వడ్డన భాగానికి అన్నిటికంటే ఎక్కువ ఓపిక కావాలి. ‘రెండు బంతులు, ఆకు వేసి వడ్డన’ అంటే మనవారికి కళ్లకు కట్టినట్టుంటుంది. ఇంగ్లీషులో మాత్రం మొదటి బంతిలో నలభై మంది ఎన్నింటికి కూర్చుంటారో, రెండోది ఎప్పుడు మొదలవుతుందో, వడ్డించేవారు ఎందరో, ఆకులు తీసి శుభ్రం చేసే పని ఎవరిదో రాస్తేనే అర్థమవుతుంది. సింగపూర్‌లో క్యాటరింగ్ భోజనం మీద ఏ సమయంలోగా తినాలో తెలిపే చీటీ ఉంటుంది. వండిన నాలుగు గంటల్లోపు తినమన్నది అక్కడి ఆహార సంస్థ సలహా. వంట పది గంటలకు పూర్తయితే రెండింటికి గడువు ముగుస్తుంది. బియ్యంలో పేరు రాసే తంతు ఆలస్యమై రెండో బంతి ఒంటిగంటన్నరకు కూర్చుంటే, అరగంటే మిగులుతుంది. ఈ గడువును అనువాదంలో భోజన సమయం పక్కనే పెట్టాలి. మిగిలిన పులిహోరను డబ్బాల్లో హోటల్‌కు తీసుకెళ్లి రాత్రికి తినవచ్చని అనుకునే అతిథులకు అది కుదరదని ముందే తెలుస్తుంది. ముహూర్తం మధ్యాహ్నానికి దగ్గరగా ఉంటే, రెండో బంతి వంటను విడిగా, ఆలస్యంగా తెప్పించే ఏర్పాటు గురించి వంటవారితో మాట్లాడి, దానికయ్యే అదనపు రవాణా ఖర్చును అదే పేజీలో చూపాలి.