440 కంటే 500 చవక

మా బంధువుల్లో ఏ పెళ్లి కుదిరినా ముహూర్తం పెట్టించడం పెద్దవాళ్ల పని, కొటేషన్లు తేవడం నా పని. శుభలేఖలు, భోజనం ప్లేట్లు, నీళ్ల సీసాలు, తాంబూలం సంచులు, అన్నిటికీ రేట్ల కాగితాలు నా బ్యాగులోకే చేరతాయి. వాటిలో తాంబూలం సంచుల కాగితమంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. పెళ్లికూతురు, పెళ్లికొడుకు పేర్లు అచ్చువేసి ఇచ్చే నాన్‌వోవెన్ సంచుల సంగతి చెబుతున్నాను. ఈ మధ్య మేనకోడలి పెళ్లికి విజయవాడ వన్‌టౌన్‌లో తీసుకున్న కాగితంలో రేట్లు ఇలా ఉన్నాయి. 100 నుంచి 249 దాకా సంచి 24 రూపాయలు. 250 నుంచి 499 దాకా 20. 500 నుంచి 999 దాకా 16. వెయ్యి, ఆ పైన అయితే 14.

ఎక్కువ కొంటే రేటు తగ్గుతుంది, ఇందులో కొత్తేముంది అంటారు. బావగారూ అదే అన్నారు. పిలుపుల జాబితా ముందేసుకుని 400 కుటుంబాలు లెక్క తేల్చారు. చివరి నిమిషంలో వచ్చేవాళ్ల కోసం ఇంకో 40 కలిపి, "440 చెప్పెయ్యవోయ్, ఇరవై రూపాయల రేటే కదా" అన్నారు. 440ని 20తో గుణిస్తే 8,800. అదే 500 సంచులను 16తో గుణిస్తే 8,000. అంటే 60 సంచులు ఎక్కువ తీసుకుంటే బిల్లు 800 తగ్గుతుంది. బావగారు ఫోన్‌లో రెండుసార్లు గుణించి చూసుకుని, "వాడు రేటు తప్పు రాసుంటాడు" అన్నారు.

రేటు తప్పేమీ లేదు. ఇలాంటి స్లాబులున్న కాగితం దేన్ని తీసుకున్నా స్లాబు మారే ప్రతి గీతకూ కాస్త కిందుగా ఇలాంటి గుంట ఉంటుంది. 500 తీసుకున్నవాళ్లకు 16 రూపాయల రేటు 500వ సంచి నుంచి మొదలు కాదు, మొదటి సంచి నుంచే వర్తిస్తుంది. సరుకు నిల్వల పాఠాల్లో దీన్ని ఆల్ యూనిట్స్ డిస్కౌంట్ అంటారు. 499 దాకా మొత్తం పెరుగుతూ పోయి 9,980కి చేరుతుంది, మరొక్క సంచి కలిపితే 8,000కి పడిపోతుంది. గీత దాకా వచ్చి ఆగినవాడు గీత మీదున్నవాడి కంటే ఎక్కువ కడతాడు.

మరి గుంట ఎక్కడ మొదలవుతుంది? పై స్లాబులోని కనీస మొత్తాన్ని మన రేటుతో భాగించాలి. 8,000ని 20తో భాగిస్తే 400. అంటే సరిగ్గా 400 సంచులకూ 500 సంచులకూ బిల్లు ఒకటే. 401 నుంచి 499 దాకా ఎన్ని తీసుకున్నా 500 తీసుకోవడమే చవక. నేను షాపులో నిలబడి భాగహారాలు చేయను, దీనికి నోటిలెక్క ఒకటుంది. రేటు ఎన్నో వంతు తగ్గిందో చూడండి, గీతకు కిందుగా అన్నో వంతే గుంట. 20 నుంచి 16కు తగ్గిందంటే అయిదో వంతు. 500లో అయిదో వంతు 100, కాబట్టి గుంట 400 దగ్గర మొదలు. 16 నుంచి 14కు తగ్గింది ఎనిమిదో వంతు. వెయ్యిలో ఎనిమిదో వంతు 125, కాబట్టి 875 దాటితే వెయ్యి చెప్పేయాలి. 24 నుంచి 20కి ఆరో వంతు. 250లో ఆరో వంతు 42కి కాస్త తక్కువ, కాబట్టి 209 నుంచి 249 మధ్య ఉన్నవాళ్లు 250కి వెళ్లాలి. కాగితం, కలం అక్కర్లేదు.

జీఎస్టీ సంగతేమిటని బావగారు అడిగారు. రెండు బిల్లుల మీదా ఒకే శాతం పడుతుంది కాబట్టి గుంట ఉన్నచోటే ఉంటుంది. దాన్ని జరిపేవి విడిగా వేసే ఖర్చులు. మేము చూసిన ఇంకో షాపులో అవే రేట్లు, కానీ 500 లోపు ఆర్డరుకు స్క్రీన్ ఫ్రేము చార్జీ 600 రూపాయలు, 500 నుంచి లేదు. అక్కడ 8,000లోంచి 600 తీసేసి 20తో భాగించాలి. గుంట 370 దగ్గరే మొదలవుతుంది. అలాకాక ఎక్కువ సంచుల వల్ల పార్సిల్ ఆఫీసులో ఇంకో బండిల్‌కు 150 పడుతుందనుకోండి, అప్పుడు 8,150ని భాగించాలి. అది 407 దాటాక మొదలవుతుంది. అందుకే రేటు ఒక్కటే అడక్కుండా సరుకు ఇంటికి చేరేదాకా ఎంతవుతుందో అడగడం మంచిది.

షాపువాడు ఈ గుంట ఎందుకు ఉంచుతాడన్నది నన్ను చాలాకాలం తొలిచింది. 60 సంచులు ఎక్కువిచ్చి 800 తక్కువ తీసుకోవడం ఏ వ్యాపారమని. సంచుల మీద అచ్చు పడుతుంటే చూశాక సగం అర్థమైంది. పేర్లు కంపోజ్ చేసి ఫిల్ము తీస్తారు. మెష్ బిగించిన ఫ్రేముకు మందు పూసి, వెలుతురులో పెట్టి, కడుగుతారు. అచ్చు వంకర రాకుండా సంచి ఎక్కడ పెట్టాలో గుర్తులు పెట్టుకుంటారు. మొదట నాలుగైదు సంచులు పాడవుతాయి. ఇదంతా 100కైనా 500కైనా ఒకటే. తర్వాత ఒక్కో సంచి పరిచి, ఇంకు మీదుగా స్క్వీజీ ఒకసారి లాగి, ఆరేయడమే. అంటే మొదటి సంచికి పడే శ్రమతో పోలిస్తే ఐదొందలో సంచికి పడే శ్రమ దాదాపు లేనట్టే. రేటు తగ్గించడానికి కారణం ఉంది. అయితే ఆ తగ్గింపును గుండ్రని అంకెల దగ్గర ఒక్కసారిగా దించేసి, పై స్లాబు మొత్తాన్ని కింది స్లాబు మొత్తంతో ఎవరూ సరిచూడరు. అందుకే గుంట పడుతుంది. బేరం తెలిసిన షాపాయన 440 అనగానే "500 రాసేయమంటారా సార్, మీకే కలిసొస్తుంది" అంటాడు. కొందరు మాట్లాడకుండా 8,800కి రసీదు కోస్తారు. అది మోసమని నేననను, కాగితం మన చేతిలోనే ఉంది కదా.

బేరం ఎక్కడ ఆడాలో కూడా ఈ లెక్కే చెబుతుంది. 440 సంచులను 16 రేటుకు ఇమ్మంటే 7,040 అవుతుంది, ఆయన ఒప్పుకోడు, ఒప్పుకోవాల్సిన పనీ లేదు. కానీ 500 లోపు ఏ లెక్కకైనా 8,000 మించి కట్టే పని మనకు లేదు. ఆ మొత్తమే మన గరిష్ఠం. షాపులు నడిపేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, బిల్లు వేసే ఎక్సెల్ షీటులో ఈ స్లాబుకు ఒక్క సూత్రం చాలు. A2 గడిలో సంచుల లెక్క, 250 నుంచి 499 మధ్యలో:

```
=MIN(A2*20, 500*16)
```

ఖాతాదారు ఇంటికెళ్లి లెక్క వేసుకుని తిట్టుకునే అవసరం ఉండదు.

ఒక జాగ్రత్త. అన్ని కాగితాలూ ఇలా ఉండవు. కొన్నిచోట్ల "500 పైన 16" అని రాస్తారు. 500వ సంచి నుంచి మాత్రమే 16 అని వాళ్ల భావం కావచ్చు, ఆదాయపు పన్ను స్లాబుల్లాగా. అలాగైతే మొదటి 249 సంచులకు 24, తర్వాతి 250కి 20, ఆపైన 16. అప్పుడు 440కి 9,796 అవుతుంది, 500కి 10,992. గుంటే లేదు, ఎన్ని పెంచితే అంత ఖర్చు పెరుగుతుంది. ఈ రెండు పద్ధతుల్లో ఏదో తేల్చుకోవడానికి ఒకే ప్రశ్న చాలు: "500 తీసుకుంటే మొత్తం ఎంత?" రేటు అడగకండి, మొత్తం అడగండి. రెండు డిజైన్లు వేయిస్తుంటే ఇంకో ప్రశ్న కూడా అడగాలి. అమ్మాయివాళ్లకు 300, అబ్బాయివాళ్లకు 200 వేరువేరు పేర్ల వరసతో కావాలంటే రెండు ఫ్రేములు చేయాలి కాబట్టి, చాలామంది వాటిని కలిపి 500గా లెక్కించరు.

గుంటకు కాస్త కిందుగా ఉన్నవాళ్ల పరిస్థితి వేరు. 390 కావాలంటే బిల్లు 7,800. ఇంకో 200 పెడితే 110 సంచులు వస్తాయి, ఒక్కోటీ రెండు రూపాయలు కూడా పడదు. పెళ్లిలో లెక్క ఎప్పుడూ కచ్చితంగా ఉండదు కాబట్టి నేనైతే తీసుకుంటాను. 340 దగ్గర మాత్రం ఆగుతాను. అక్కడ 1,200 ఎక్కువ పెడితే వచ్చేది 160 సంచులు, ఒక్కోటీ ఏడున్నర. రేటు చవకే, కానీ 160 కుటుంబాలు ఎక్కడినుంచి తేవాలి? గుంటలో ఉన్నవాడికి మిగులు సంచులు ఉత్తినే వస్తాయి, గుంట బయట ఉన్నవాడు వాటిని కొంటున్నాడు. చాలామంది ఈ తేడా మరిచి, 16 రూపాయల అంకె చూసి 300 నుంచి 500కి ఎగబాకుతారు.

అటకెక్కిన సంచుల సంగతి కూడా చెప్పాలి. చి.ల.సౌ. అని పేరు, పెళ్లి తేదీ అచ్చయిన సంచి పెళ్లి మర్నాడు ఎవరికీ ఇవ్వలేం. నాన్‌వోవెన్ గుడ్డ అంటే పాలీప్రొపిలిన్, ఎండ తగిలేచోట పెడితే కొన్నాళ్లకు పెళుసెక్కి పొడిపొడి అవుతుంది. పై స్లాబుకు మందం తగ్గించి ఇచ్చే షాపులూ ఉంటాయి. ఈ సంచులు చదరపు మీటరుకు 60 గ్రాములకు తగ్గకూడదని 2021లో కేంద్రం నిబంధన తెచ్చింది. కాటా మీద శాంపిల్ రకానివి పది, వచ్చిన సరుకులోంచి అదే సైజువి పది పెట్టి తూస్తే తేడా తెలిసిపోతుంది.

మేనకోడలి పెళ్లికి చివరకు 500 చెప్పాం. అయితే అచ్చు 440కే వేయమన్నాను, మిగతా 60 ఉత్త సంచులు ఇమ్మన్నాను. షాపాయన వెంటనే సరేనన్నాడు, ఆయనకు ఇంకూ పనీ మిగిలాయి. ఉత్త సంచులు శ్రావణమాసంలో వాయనాలకు పనికొస్తాయని అక్కయ్య బీరువాలో పెట్టింది.

వచ్చే ముహూర్తాలకు సంచులు చెప్పబోయేవాళ్లు అడ్వాన్సు ఇచ్చేముందు రెండు మొత్తాలు పక్కపక్కన రాయించుకోండి, మీకు కావలసిన లెక్కకు ఒకటి, దాని పై గీతకు ఒకటి. పై గీత తక్కువైతే అదే చెప్పండి, మిగిలేవాటి మీద పేర్లు వేయవద్దనండి.